దీపమా, కొవ్వొత్తా, ఏ నూనె? పూజగది గోడ పొగచూరకుండా ఎంచుకోవడం ఎలా

పూజగది గోడ నల్లబడగానే అందరూ ముందు అనుమానించేది నూనెనే. నువ్వుల నూనె మాని కొబ్బరి నూనె పోస్తే తగ్గుతుందా? నెయ్యి దీపానికి మసి రాదంటారు, నిజమేనా? కొవ్వొత్తి పెట్టుకుంటే గొడవే ఉండదా? ఇలా నూనె చుట్టూనే చర్చ తిరుగుతుంది. నూనె ప్రభావం లేదనను, కానీ దానిది మూడో స్థానం. మొదటిది మంట ఎత్తు, రెండోది మంట కదలకుండా నిలబడటం. ఈ రెండూ కుదరకపోతే ఎంత స్వచ్ఛమైన ఆవునెయ్యి పోసినా గోడ పొగచూరుతుంది. కుదిరితే మామూలు నువ్వుల నూనె దీపం కూడా గోడ జోలికి పెద్దగా పోదు.

అందుకే ఏది కొనాలో చూసే ముందు, దేన్నిబట్టి ఎంచుకోవాలో తేల్చుకుందాం.

## మసి ఎక్కడ పుడుతుంది

దీపం పసుపు రంగులో వెలుగుతోందంటే దాని లోపల మసి ఉన్నట్టే. వేడికి నూనె ఆవిరై, ఆ ఆవిరి విడిపోయి సన్నటి కార్బన్ రేణువులవుతాయి. అవి ఎర్రగా కాలి మెరుస్తుంటే మనకి కనిపించేదే ఆ పసుపు వెలుగు. మంట కొసకి చేరేసరికి చుట్టూ ఉన్న గాలి తగిలి ఆ రేణువుల్లో ఎక్కువ భాగం కాలిపోతుంది. అలా కాలిపోయినంత కాలం దీపం శుభ్రంగా వెలిగినట్టు లెక్క.

వత్తి ఎక్కువ బయటికి ఉంటే నూనె ఎక్కువగా ఎక్కుతుంది, మంట పొడుగవుతుంది. లోపల పుట్టిన మసినంతా కాల్చడానికి పక్కల నుంచి అందే గాలి చాలదు. అప్పుడు కొస విచ్చుకుని, నల్లటి దారంలాంటి పొగ పైకి లేస్తుంది. ప్రతి ఇంధనానికీ ఇలా పొగ మొదలయ్యే ఎత్తు ఒకటి ఉంటుంది. ఏ నూనె మంచిదన్న ప్రశ్నకి అసలు అర్థం ఇదే: మంట కాస్త పెరిగినా పొగ రాకుండా ఏది ఓర్చుకుంటుంది? మంట చిన్నగా ఉన్నప్పుడు అన్నీ ఇంచుమించు ఒకలాగే ప్రవర్తిస్తాయి.

గాలి తగిలినా ఇదే జరుగుతుంది. ఫ్యాన్ గాలికి మంట ఒరిగినప్పుడల్లా ఒక పక్క చల్లబడి, సగం కాలిన మసి బయటపడుతుంది. రెపరెపలాడే చిన్న దీపం, నిలకడగా వెలిగే కాస్త పెద్ద దీపం కంటే ఎక్కువ మసి వదలగలదు. "గాలి ఆడాలి కదా" అని ఫ్యాన్ వేసి దీపం పెట్టే ఇళ్లలో పూజగది తొందరగా నల్లబడేది ఇందుకే.

ఇక కంటికి కనిపించని భాగం. 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నగా ఉండే రేణువుల్ని పీఎం 2.5 అంటారు. ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లేవి ఇవే. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 24 గంటల సగటు ఘనమీటరుకి 15 మైక్రోగ్రాములు దాటకూడదు. మంట నిలకడగా ఉన్నప్పుడు వచ్చే రేణువులు వీటిలోకెల్లా బాగా చిన్నవి. కొవ్వొత్తుల మీద చేసిన కొలతల్లో అవి 20, 30 నానోమీటర్ల దగ్గర, అంటే 0.02, 0.03 మైక్రాన్ల దగ్గర తేలాయి. వాటి సంఖ్య చాలా ఎక్కువ, బరువు చాలా తక్కువ. ఇంట్లో పెట్టుకునే లేజర్ మీటర్లు 300 నానోమీటర్ల కంటే చిన్నవాటిని సరిగా పట్టలేవు. కాబట్టి దీపం వెలుగుతున్నంతసేపూ మీటరు కదలకపోతే గాలిలో ఏమీ లేదని కాదు. అదే మీటరు దీపం ఆరిన మరుక్షణం, అగరుబత్తి వెలిగించిన మరుక్షణం ఎగిరిపడుతుంది. ఆ రెండు సందర్భాల్లో వచ్చే రేణువులు దానికి కనిపించేంత పెద్దవి.

## దేన్నిబట్టి ఎంచుకోవాలి

నా లెక్కలో చూడాల్సినవి నాలుగు. మంట ఎత్తుని ఎంత తేలిగ్గా అదుపులో పెట్టుకోవచ్చు? గాలికి అది ఎంత నిలబడుతుంది? రోజుకి ఎంతసేపు వెలుగుతుంది? చివర్లో ఎలా ఆరుతుంది?

వీటిలో జనం అసలు పట్టించుకోనిది నాలుగోది. మంటని నోటితో ఊదితే వెలుగు పోతుంది కానీ వత్తి రవ్వ అలాగే రగులుతుంటుంది. ఆ వేడికి నూనె ఆవిరవుతూనే ఉంటుంది. దాన్ని కాల్చడానికి మంట లేదు కాబట్టి చల్లబడి తెల్లటి పొగగా మారుతుంది. కమురు వాసన వచ్చేది దానికే. చాలా ఇళ్లలో ఊది ఆర్పకూడదంటారు, తనంతట తానే కొండెక్కాలని వదిలేస్తారు. అందులోనూ ఒక చిక్కుంది. నూనె అయిపోతున్నకొద్దీ వత్తికి అందక, ఆఖర్లో దూదే కాలుతుంది. పొగ అక్కడ కూడా వస్తుంది. దీనికి మంచి దారి చిన్న పుల్లతో వత్తిని ప్రమిదలోని నూనెలోకి లాగి ముంచేయడం. రవ్వ తక్షణం చల్లారుతుంది, పొగ దాదాపు రాదు. కొవ్వొత్తికీ ఇదే పద్ధతి: కరిగిన మైనంలోకి వత్తిని వంచి, ముంచి, మళ్లీ నిలబెట్టాలి.

## ముందు పళ్లెం పరీక్ష

కొత్త నూనె కొనేముందు ఇప్పుడున్న దీపాన్నే ఒకసారి పరీక్షించండి. తెల్లటి పింగాణీ సాసర్ గానీ, శుభ్రమైన స్టీలు పళ్లెం గానీ తీసుకుని మంట కొసకి పైన జానెడు దూరంలో, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో, ఒక నిమిషం పట్టుకోండి. చేతికి గుడ్డ చుట్టుకోండి, వేడి తగులుతుంది. పళ్లెం మంటకి తగలకూడదు. మంట లోపల ఎప్పుడూ మసి ఉంటుంది కాబట్టి, తగిలితే ఎంత మంచి దీపమైనా నల్లగా అంటిస్తుంది. పాతకాలంలో ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి కాటుక పట్టింది ఇలాగే. ఆముదానికి మసి రాదని ఎవరైనా అంటే ఆ కాటుకని గుర్తు చేయండి.

నిమిషం తర్వాత పళ్లెం మీద నల్ల మచ్చ పడితే ఆ దీపం మీ గోడని కూడా నల్లబరుస్తోందన్నమాట. ఇప్పుడు వత్తిని వెనక్కి లాగి, ప్రమిద అంచు దాటి 5, 6 మిల్లీమీటర్లే మిగిల్చి మళ్లీ పరీక్షించండి. మంట రెండు, రెండున్నర సెంటీమీటర్లకి దిగుతుంది, చాలాసార్లు మచ్చ మాయమవుతుంది. అప్పుడు ఫ్యాన్ వేసి మూడోసారి పట్టుకోండి. మచ్చ తిరిగొస్తే తప్పు నూనెది కాదని తేలిపోయింది. అన్నీ సరిచేసినా మచ్చ పడుతుంటే అప్పుడు నూనె సంగతి, వత్తి సంగతి చూడాలి.

ఈ పరీక్షకి ఒక పరిమితి ఉంది. ఇది గోడకి పట్టే మసిని చెబుతుంది గానీ సన్నటి రేణువుల్ని చెప్పదు. పళ్లెం తెల్లగా ఉన్నంత మాత్రాన ఆస్తమా ఉన్న మనిషి దీపం పక్కనే కూర్చోవచ్చని కాదు.

## ఒక్కో ఎంపిక

నువ్వుల నూనె దీపం. ఇందులో అసంతృప్త కొవ్వే ఎక్కువ, సంతృప్త కొవ్వు 15 శాతం లోపే. అసంతృప్త భాగం పెరిగేకొద్దీ మసి పుట్టే అవకాశం కొంత పెరుగుతుంది. అందువల్ల ఇది వత్తి ఎత్తు విషయంలో తప్పుని అంతగా క్షమించదు. పలుచగా ఉండి వత్తిలోకి చురుగ్గా ఎక్కుతుంది కూడా, రెండు వత్తులు కలిపి లావుగా పేనితే మంట చటుక్కున పెరుగుతుంది. ఇంకొకటి: రోజూ పాత నూనె మీదే కొత్తది పోస్తుంటే ప్రమిద అడుగున జిగురులా గట్టిపడుతుంది. ఆ జిగురు పట్టిన వత్తికి నూనె సరిగా అందదు, కొడి కడుతుంది, చిటపటమంటుంది. వారానికోసారి ప్రమిదని సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కొత్త వత్తి వేస్తే ఈ బాధ ఉండదు. తడి ప్రమిదలో నూనె పోస్తే మళ్లీ చిటపటలే.

కొబ్బరి నూనె. దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వు. ఒకే వత్తి, ఒకే ఎత్తు పెడితే మసి విషయంలో నువ్వుల నూనె కంటే కాస్త మెరుగ్గా ఉంటుందని ఆశించవచ్చు. ఇబ్బంది చలికాలంలో: సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. గడ్డకట్టిన నూనెలో పెట్టిన వత్తి మొదట్లో ఆకలితో కొట్టుకుంటుంది. అప్పుడు "మంట నిలవట్లేదు" అని వత్తిని ఎగదోస్తాం, పది నిమిషాల్లో నూనె కరిగి మంట ఒక్కసారిగా లేస్తుంది. చలిలో వెలిగించే ముందు నూనెని గోరువెచ్చగా కరిగించి పోస్తే సరిపోతుంది.

నెయ్యి. మసి విషయంలో ఇది కొబ్బరి నూనెకీ నువ్వుల నూనెకీ మధ్యన నిలుస్తుంది. కానీ దీని అసలు బలం వేరే చోట ఉంది. నెయ్యి దీపం సాధారణంగా చిన్నది: ఒక పువ్వొత్తి, ఒక చెంచా నెయ్యి, కాసేపట్లో అయిపోతుంది. చిన్న మంట, తక్కువ సేపు. శుభ్రంగా అనిపించడానికి సగం కారణం ఇదే. పెద్ద కుందెలో లావు వత్తి వేసి నెయ్యి పోస్తే అదీ పొగ చూరుస్తుంది. నెయ్యి దీపం ఆక్సిజన్ విడుదల చేస్తుందని వాట్సాప్‌లో తిరిగే మాటని మాత్రం వదిలేయండి. వెలిగే ఏ మంటైనా ఆక్సిజన్‌ని వాడుకుని కార్బన్ డయాక్సైడ్‌ని వదులుతుంది, నెయ్యికి మినహాయింపు లేదు. నెయ్యి దీపంలో జాగ్రత్త పడాల్సింది ఆఖరి నిమిషం, పువ్వొత్తి మాడే సమయం. పుల్లతో ఒక్కసారి నొక్కేస్తే చాలు.

ఆముదం. వంట నూనెలతో పోలిస్తే పది రెట్ల దాకా చిక్కన. వత్తిలోకి మెల్లగా ఎక్కుతుంది కాబట్టి మంట తనంతట తానే చిన్నగా ఉంటుంది, ఎక్కువ సేపు వెలుగుతుంది. గంటల తరబడి దీపం ఉంచేవాళ్లకి ఇది నిజంగా పనికొచ్చే గుణం. మంట మరీ చిన్నగా ఉందని లావు వత్తి వేస్తే ఆ లాభమంతా పోతుంది. ఆముదాన్ని నువ్వుల నూనెతో కలిపి వాడేవాళ్లు ఆముదం వంతు పెంచేకొద్దీ మంట నెమ్మదిస్తుందని గమనించవచ్చు.

"దీపారాధన నూనె" పేరుతో వచ్చే మిశ్రమాలు. సీసా మీద ఏయే నూనెలు ఎంతెంత ఉన్నాయో స్పష్టంగా రాసి ఉంటే సరే. లేకపోతే అది ఎలా కాలుతుందో ముందే చెప్పడానికి దారి లేదు. రంగు, ఘాటైన సువాసన కలిపినవి మసిని పెంచేవైపే ఉంటాయి. పళ్లెం పరీక్ష పెట్టి తేల్చుకోండి.

కొవ్వొత్తి. ఎక్కువగా పారాఫిన్‌తో చేస్తారు. అది పెట్రోలియం నుంచి వచ్చేది, నూనెల్లో ఉన్నట్టు దానిలో ఆక్సిజన్ ఉండదు. అందువల్ల పెద్ద మంట పెడితే సులువుగా పొగ వదులుతుంది. అయినా మంచి కొవ్వొత్తికి ఒక సౌకర్యం ఉంది: వత్తి మందం, మైనం అడ్డకొలత తయారీలోనే సరిపెట్టి ఉంటాయి. మీరు చేయాల్సిందల్లా వెలిగించే ముందు ప్రతిసారీ వత్తిని 6 మిల్లీమీటర్లకి కత్తిరించడం, కొసన పుట్టగొడుగులా కట్టిన కొడిని తీసేయడం. తేనెమైనం, సోయా మైనం మంచివని ఎక్కువ పెట్టి కొంటారు. కత్తిరించని వత్తితో వెలిగించిన తేనెమైనం కంటే, కత్తిరించి వెలిగించిన పారాఫిన్ శుభ్రంగా కాలవచ్చు. లోతైన గాజు గ్లాసులో వచ్చే కొవ్వొత్తుల్ని రోజువారీ పూజకి నేను సిఫారసు చేయను. మైనం దిగిపోయేకొద్దీ లోపలికి గాలి సరిగా అందక మంట కొట్టుకుంటుంది. గ్లాసు అంచు నల్లబడుతోందంటే అదే గుర్తు. సువాసన కొవ్వొత్తి అసలు వద్దు.

గాజు చిమ్నీ ఉన్న దీపం. నూనె ఏదైనా సరే, మంట చుట్టూ గాజు గొట్టం ఉంటే పక్కగాలి తగలదు. కింది నుంచి గాలి లాక్కునే సందులు, పైన తెరిచిన మూతి ఉండాలి. మంట ఎక్కువైతే గాజే ముందు నల్లబడి చెబుతుంది, అంటే పళ్లెం పరీక్ష అందులోనే ఉన్నట్టు. రోజూ గాజు తుడవాలన్నదే దీంతో పని.

ఎల్ఈడీ దీపం. మసి లేదు, రేణువులు లేవు, నిప్పు భయం లేదు. ఇది పూజకి సరిపోతుందా లేదా అన్నది ఆ ఇంటివాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి, నేను చెప్పేది కాదు. నిజం దీపాన్ని కాసేపు వెలిగించి, మిగతా సమయం ఎల్ఈడీ ఉంచడం చాలామందికి ఒప్పుదలైన మధ్యే మార్గం.

ఒక్క చూపులో చూడాలంటే:

| ఎంపిక | మంట అదుపు | గాలికి నిలకడ | ఎంతసేపటికి నప్పుతుంది | ఎలా ఆర్పాలి |
|---|---|---|---|---|
| నువ్వుల నూనె | వత్తి మీద కన్ను ఉండాలి | తక్కువ | అరగంట, గంట | వత్తిని నూనెలో ముంచాలి |
| కొబ్బరి నూనె | కాస్త సులువు, చలిలో జాగ్రత్త | తక్కువ | అరగంట, గంట | వత్తిని నూనెలో ముంచాలి |
| నెయ్యి పువ్వొత్తి | సులువు | తక్కువ | కొద్ది నిమిషాలు | మాడకముందే నొక్కేయాలి |
| ఆముదం | సన్న వత్తితో చాలా సులువు | తక్కువ | గంటల తరబడి | వత్తిని నూనెలో ముంచాలి |
| కొవ్వొత్తి | కత్తిరిస్తే సులువు | తక్కువ | గంట, రెండు గంటలు | కరిగిన మైనంలో ముంచాలి |
| చిమ్నీ దీపం | సులువు, గాజే చెబుతుంది | ఎక్కువ | గంటల తరబడి | మంట తగ్గించి వత్తిని దించాలి |

## దీపం మీద పడే నింద, అగరుబత్తి చేసే పని

పట్టికలో అగరుబత్తి, కర్పూరం లేవు. కానీ చాలా ఇళ్లలో గాలిని ఎక్కువ చెడగొట్టేది అవే. మంటతో వెలగకుండా రగిలే వస్తువు ఏదైనా పొగని కాల్చుకోలేదు, పుట్టిందంతా గదిలోకి వదులుతుంది. అగరుబత్తుల మీద చేసిన కొలతల్లో ఒక గ్రాము కాలితే సగటున 45 మిల్లీగ్రాములకి పైగా రేణువులు వచ్చాయి. సిగరెట్‌కి అదే లెక్క గ్రాముకి 10 మిల్లీగ్రాములు. కర్పూరానికి మంట ఉంటుంది గానీ అది బాగా మసి కక్కే మంట. హారతి పళ్లెం అడుగు చూస్తే తెలిసిపోతుంది.

మూడు మీటర్ల పొడుగు, మూడు వెడల్పు, మూడు ఎత్తు ఉన్న గదిని తీసుకుందాం. 27 ఘనమీటర్ల గాలి. గ్రాము బరువున్న ఒక అగరుబత్తి అందులో పూర్తిగా కాలి, గాలి బయటికి పోకపోతే, 45 మిల్లీగ్రాముల్ని 27తో భాగించాలి. ఘనమీటరుకి దాదాపు 1,670 మైక్రోగ్రాములు వస్తుంది. పైన చెప్పిన 24 గంటల హద్దు 15 అని గుర్తుంచుకోండి. నిజంగా ఏ గదీ అంత బిగుతుగా ఉండదు, బత్తి కాలడానికీ సమయం పడుతుంది, కాబట్టి అసలు అంకె దీనికంటే తక్కువే. అయినా రెండు బత్తులకి బదులు ఒకటి, ఒకటికి బదులు సగం వెలిగిస్తే కలిగే తేడా, నూనె మార్చినదాని కంటే ఎక్కువగా ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

## కిటికీ ఎప్పుడు తెరవాలి

అదే గదిలో లెక్క కొనసాగిద్దాం. తలుపులు, కిటికీలు మూసి ఉంటే గంటకి గదిలోని గాలి సగం మాత్రమే మారుతుందనుకోండి. వచ్చే కొత్త గాలి పొగ గాలితో కలిసిపోతూ బయటికి పోతుంది కాబట్టి రేణువులు సగానికి తగ్గడానికి 83 నిమిషాలు, ఎనిమిదో వంతుకి రావడానికి నాలుగు గంటలకి పైనే పడుతుంది. ఉదయం పూజ పొగ మధ్యాహ్నం దాకా గదిలోనే ఉన్నట్టు. ఎదురెదురుగా ఒక కిటికీ, ఒక తలుపు తెరిస్తే గాలి గంటకి ఐదుసార్లు మారుతుందనుకుందాం. సగానికి 8 నిమిషాలు, ఎనిమిదో వంతుకి 25 నిమిషాలు చాలు. ఒక్క కిటికీ తెరిచి మిగతావన్నీ మూస్తే ఇంత ఫలితం రాదు, గాలి రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి ఉండాలి.

మంట మీద గాలి పడకూడదు, గదిలో గాలి మారాలి. ఈ రెండూ కుదరాలంటే పనిని రెండు భాగాలు చేసుకోవాలి. దీపం వెలుగుతున్నప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపండి, దీపానికి దూరంగా ఉన్న కిటికీని కొద్దిగా తెరిచి ఉంచండి. దీపం కొండెక్కాక ఫ్యాన్ వేసి, రెండు వైపులా బార్లా తెరిచి అరగంట వదిలేయండి. మీ వీధిలో ఉదయం బండ్ల పొగ, చెత్త తగలబెట్టిన పొగ ఉంటే అది తగ్గాక ఆ అరగంట తెరుచుకోవచ్చు.

కిటికీ లేని పూజగదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పదు. గంటకి 200 ఘనమీటర్లు లాగే చిన్న ఫ్యాన్ ఈ 27 ఘనమీటర్ల గదిలో గాలిని గంటకి ఏడుసార్లకి పైగా మార్చగలదు, కానీ తలుపు కింద సందు గానీ జాలీ గానీ లేకపోతే అది ఊరికే తిరుగుతుంది. దాన్ని పైకప్పు దగ్గర, దీపానికి నేరుగా పైన కాకుండా పక్కకి పెట్టాలి.

స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తీసుకురాదు. దాని జాలీ ఫిల్టర్ దుమ్ముని ఆపుతుంది గానీ ఇంత సన్నటి రేణువుల్ని ఆపదు. హాల్లో ఏసీ వేసుకుని అక్కడే పూజ చేసే ఇంట్లో ఇది గుర్తుపెట్టుకోవాలి. హెపా ఫిల్టర్ ఉన్న ప్యూరిఫయర్ రేణువుల్ని పడుతుంది, వాసనల్ని, వాయువుల్ని పట్టదు.

## ఒక అల్మరా కథ

ఇలాంటి ఇంటిని ఊహించుకోండి. ఫ్లాట్ హాల్లో చెక్క పూజా అల్మరా. లోపల ఇత్తడి కుందె, రెండు వత్తులు కలిపి పేనినది, నువ్వుల నూనె. మంట నుంచి పై అర దూరం 40 సెంటీమీటర్లు. పూట పూటా గంటసేపు దీపం, రెండు అగరుబత్తులు. హాల్లో ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతుంటుంది. ఆ పై అర కింది వైపు నల్లగా, అల్మరా పక్కనున్న గోడ మీద కుడివైపుకి వాలిన మసక, ఫ్యాన్ రెక్కల అంచులకి జిడ్డు నలుపు.

ఈ మూడు మరకలు మూడు సంగతులు చెబుతున్నాయి. మంటకి నేరుగా పైనున్న గుండ్రటి నలుపు మంట ఎత్తుది. ఒక పక్కకి వాలిన మసక గాలిది: మంట రోజూ అటే ఒరుగుతోంది. దూరంగా ఉన్న ఫ్యాన్ రెక్కలకి పట్టిన పల్చటి జిడ్డు నలుపులో పెద్ద వాటా గదంతా పరుచుకునే అగరుబత్తి పొగది. వేడి గాలిలోని మసి చల్లటి ఉపరితలం వైపే జరుగుతుంది, అందుకే చల్లగా ఉండే గోడ, పైకప్పు దాన్ని త్వరగా లాక్కుంటాయి.

ఇక్కడ నూనె మార్చమని నేను ముందుగా చెప్పను. ఒకే సన్న వత్తి, 5 మిల్లీమీటర్లు బయటికి. దీపం వెలిగినంతసేపూ ఫ్యాన్ బంద్, అల్మరా తలుపులు పూర్తిగా తెరిచి. దీపాన్ని అర కింద నుంచి ముందుకి జరిపి, పైన కనీసం మీటరు ఖాళీ ఉండే చోట విడి పీట మీద పెట్టడం. ఇది మసి కోసమే కాదు, చెక్క అంటుకోకుండా కూడా. పక్కల కర్టెన్, బట్ట ఏదైనా 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అగరుబత్తి ఒకటి, అదీ బాల్కనీ తలుపు దగ్గర. ఆ తర్వాత పళ్లెం పరీక్షలో ఇంకా మచ్చ పడితే అప్పుడు కొబ్బరి నూనెకి మారమంటాను.

## ఎవరికి ఏది

ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు, పసిపిల్లలు, ఊపిరితిత్తుల జబ్బున్న పెద్దవాళ్లు ఉంటే నెయ్యి పువ్వొత్తి ఒకటి, కొద్ది నిమిషాలు. అగరుబత్తి, కర్పూరం మానేయడమే మేలు, కనీసం వాళ్లున్న గదిలో వద్దు. దీపం ముందు వంగి కూర్చుంటే మంట మీది వేడిగాలి నేరుగా ముఖానికే వస్తుంది. ఒక మీటరు వెనక్కి కూర్చోవడం పైసా ఖర్చు లేని జాగ్రత్త.

అఖండ దీపం పెట్టేవాళ్లకి ఆముదం గానీ ఆముదం ఎక్కువగా కలిపిన నూనె గానీ, సన్న వత్తి, గాజు చిమ్నీ. ఇక్కడ తక్కువ మసి కూడా గంటల కొద్దీ పోగవుతుంది కాబట్టి గాలి మారే దారి నిరంతరం ఉండాలి. పూటకోసారి కొడి దులిపి, వత్తి ఎత్తు చూసుకోవాలి.

అద్దె ఇంట్లో ఉంటూ, ఓనర్ గోడ చూసి ఏమంటాడో అని టెన్షన్ పడేవాళ్లు దీపానికి వెనకా, పైనా విడిగా తీయగలిగే సిరామిక్ టైల్ గానీ స్టీలు పలక గానీ పెట్టుకోవచ్చు. మసి దాని మీదే పడుతుంది, వారానికోసారి తీసి కడిగేయవచ్చు. అది గాలిని శుభ్రం చేయదు, గోడని మాత్రమే కాపాడుతుంది.

రోజంతా ఇంట్లో ఉండి దీపాన్ని కనిపెట్టుకునే వీలులేనివాళ్లకి, వత్తి సర్దే ఓపిక లేనివాళ్లకి, చిన్న కొవ్వొత్తి సులువు. కత్తెర పక్కనే ఉండాలి. ఎవరూ లేని గదిలో మాత్రం ఏ మంటనీ వదలకూడదు.

## ఇప్పటికే నల్లబడిన గోడ

తడిగుడ్డతో రుద్దడం అందరూ చేసేదే, దాంతోనే మరక ముదురుతుంది. ఆ మసిలో సగం కాలిన నూనె కలిసి ఉంటుంది. నీళ్లు తగలగానే పేస్టులా మారి పెయింట్ రంధ్రాల్లోకి దిగుతుంది. ముందు పొడిగానే తీయాలి: మెత్తటి బ్రష్ ఉన్న వాక్యూమ్‌తో, మసి తీయడానికి అమ్మే పొడి రబ్బరు స్పాంజితో, రుద్దకుండా పైనుంచి కిందికి ఒకే దిశలో గీతలుగా. స్పాంజి నల్లబడిన ముఖాన్ని తిప్పుకుంటూ పోవాలి. ఆ తర్వాతే గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా గిన్నెల సోపు కలిపి, గుడ్డని బాగా పిండి, కింది నుంచి పైకి తుడవాలి. మురికి నీరు కింది పొడి గోడ మీద చారలు కట్టకుండా ఇలా. సున్నం వేసిన గోడకి, చేత్తో రాస్తే తెల్లగా అంటుకునే డిస్టెంపర్‌కి నీళ్ల దశ పనికిరాదు, రంగే ఊడొస్తుంది.

మళ్లీ పెయింట్ వేయిస్తుంటే మసి మీద నేరుగా నీటి పెయింట్ వేయనివ్వకండి. రెండు కోట్లు వేసినా కొన్నాళ్లకి పసుపు, గోధుమ రంగు మరక పైకి తేలుతుంది. ముందు మరకని ఆపే నూనె ఆధారిత ప్రైమర్ వేయించాలి. అది ఆరాక తెల్లటి తడిగుడ్డతో ఒకచోట గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకి రంగు అంటితే ఇంకో కోటు ప్రైమర్ పడాలి, అంటకపోతే పెయింటర్‌ని పని మొదలుపెట్టమనండి.